ఈఎంఐలో వడ్డీ ఎంత, అసలు ఎంత: షెడ్యూల్ వేయడం నుంచి లెడ్జర్ సరిచూడడం దాకా

ఒక సిమెంటు, ఇనుము కొట్టు లెక్కలు నా దగ్గరకు వచ్చినప్పుడు ఖర్చుల్లో ‘బండి ఈఎంఐ 99,645’ అని ఒక పద్దు కనిపించింది. యజమాని సరుకు చేరవేయడానికి చిన్న ట్రక్కు కొన్నారు. బ్యాంకు అప్పు తీసుకుని అయిదు వాయిదాలు కట్టారు. కొట్లో లెక్కలు రాసే కుర్రాడు వాయిదా కట్టిన ప్రతిసారీ మొత్తం ఖర్చులో వేశాడు. ఖాతాలోంచి డబ్బు పోయింది కాబట్టి ఖర్చే కదా అని అతని లెక్క. ఇంకోవైపు బ్యాలెన్స్ షీట్‌లో అప్పు మాత్రం తీసుకున్న రోజున ఎంతుందో అంతే, రూపాయి కూడా తగ్గకుండా కూర్చుంది.

ఈఎంఐ పేరుకు ఒకటే మొత్తం, లోపల ఉన్నవి రెండు. వడ్డీ ఖర్చు, అది లాభనష్టాల ఖాతాకు పోతుంది. అసలు ఖర్చు కాదు, మనం ఇవ్వాల్సిన బాకీ తగ్గడం, కాబట్టి అది అప్పు లెడ్జర్‌కు పోతుంది. ఏ నెలలో ఏది ఎంతో చెప్పే పట్టికే అమార్టైజేషన్ షెడ్యూల్. ఆ ట్రక్కు అప్పునే పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు కొంచెం గుండ్రంగా మార్చాను.

ముందు చేతిలో ఉండాల్సిన కాగితాలు

అప్పు 6,00,000. వడ్డీ ఏడాదికి 12 శాతం, తగ్గే బాకీ మీద. 36 నెలలు. అప్పు విడుదలైంది 2024 అక్టోబర్ 5న, మొదటి వాయిదా నవంబర్ 5న. ఇవన్నీ శాంక్షన్ లెటర్‌లో ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్, ఎంఎస్‌ఎంఈ టర్మ్ లోన్లకు అప్పు షరతులన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పకుండా ఇవ్వాలి, అందులో షెడ్యూల్ కూడా ఉండాలి. అప్పు తీసుకున్న రోజున సంతకాలు పెట్టిన కట్టలో వెతికితే దొరుకుతుంది. దొరికినా సరే, సొంతంగా ఒకసారి వేసి చూడమంటాను. బ్యాంకు లెక్క ఎలా నడుస్తోందో తెలియకపోతే మధ్యలో ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియదు.

ఒక్క విషయం గట్టిగా అడిగి తెలుసుకోండి: వడ్డీ తగ్గే బాకీ మీదా, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వేసే ఫ్లాట్ పద్ధతిలోనా? ఇదే అప్పు 12 శాతం ఫ్లాట్ అయితే మూడేళ్లకు వడ్డీ 2,16,000, వాయిదా 22,667 అవుతుంది. దాన్ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ఫ్లాట్ అప్పుకు నెలకు 6,000 వడ్డీ అని సమానంగా పంచేయడం తప్పు. కింది సూత్రంతో నిజమైన రేటు తీసి, ఆ రేటుతో షెడ్యూల్ వేయాలి.

```
=RATE(36,-22667,600000)*12
```

ఒక్క నెల చేత్తో వేసి చూడండి

ఎక్సెల్ తెరవకముందే ఒక నెల కాగితం మీద వేస్తే విషయం బోధపడుతుంది. ఏడాదికి 12 శాతం అంటే నెలకు 1 శాతం. మొదటి నెల బాకీ 6,00,000, కాబట్టి వడ్డీ 6,000. వాయిదా 19,929. అందులోంచి 6,000 తీసేస్తే మిగిలిన 13,929 అసలుకు జమ. బాకీ 5,86,071కి దిగింది.

రెండో నెల వడ్డీ ఈ 5,86,071 మీదే, అంటే 5,861. వాయిదా మారలేదు కాబట్టి అసలుకు ఈసారి 14,068 పోయింది. వడ్డీ ఎంత తగ్గిందో అసలు అంత పెరిగింది. 36 నెలలూ ఇదే కథ. అసలును లెక్కకట్టి వడ్డీ తీయరు, ఎప్పుడూ వడ్డీయే ముందు, మిగిలిందే అసలు. ఈ వరుస గుర్తుంటే సూత్రాలు మరిచిపోయినా ఫరవాలేదు.

ఎక్సెల్‌లో షెడ్యూల్

B1లో అప్పు 600000, B2లో 12%, B3లో 36 రాయండి. B4లో వాయిదా:

```
=ROUND(PMT(B2/12,B3,-B1),0)
```

19,929 వస్తుంది. మీ బ్యాంకు వసూలు చేసే వాయిదా ఇంతకంటే రూపాయో రెండో తేడాగా ఉంటే సూత్రం తీసేసి బ్యాంకు అంకెనే టైపు చేయండి. ఖాతాలోంచి పోయేది అదే కదా.

5వ వరుసలో శీర్షికలు: నంబర్, తేదీ, ప్రారంభ బాకీ, వడ్డీ, అసలు, ముగింపు బాకీ. 6వ వరుసలో సున్నా నంబర్ వేసి, B6లో అప్పు విడుదలైన తేదీ, F6లో `=B1` పెట్టండి. వాయిదాలు 7వ వరుస నుంచి మొదలవుతాయి:

```
A7: =A6+1
B7: =EDATE(B6,1)
C7: =F6
D7: =ROUND(C7*$B$2/12,0)
E7: =$B$4-D7
F7: =C7-E7
```

B6, B7లను తేదీ ఫార్మాట్‌లో పెట్టి ఈ వరుసను 42వ వరుస దాకా కిందికి లాగితే 36 వాయిదాలు వస్తాయి. ఎక్సెల్‌లో IPMT, PPMT అని నేరుగా వడ్డీ, అసలు ఇచ్చే ఫంక్షన్లు ఉన్నాయి కానీ నేను వాడను. అవి పైసలతో సహా లెక్కిస్తాయి, బ్యాంకు రూపాయికి సవరిస్తే ఆ రెండూ పొసగవు. పైగా మధ్యలో అదనంగా కొంత అసలు కట్టినా, రేటు మారినా ఆ ఫంక్షన్లతో పనికాదు. పై పద్ధతిలో అయితే ఆ ఒక్క వరుస మార్చుకుంటే చాలు.

మన అప్పుకు 2025 మార్చి దాకా ఇలా వస్తుంది:

| తేదీ | ప్రారంభ బాకీ | వడ్డీ | అసలు | ముగింపు బాకీ |
|---|---|---|---|---|
| 5 నవంబర్ | 6,00,000 | 6,000 | 13,929 | 5,86,071 |
| 5 డిసెంబర్ | 5,86,071 | 5,861 | 14,068 | 5,72,003 |
| 5 జనవరి | 5,72,003 | 5,720 | 14,209 | 5,57,794 |
| 5 ఫిబ్రవరి | 5,57,794 | 5,578 | 14,351 | 5,43,443 |
| 5 మార్చి | 5,43,443 | 5,434 | 14,495 | 5,28,948 |

అయిదు వాయిదాల్లో వడ్డీ 28,593, అసలు 71,052, రెండూ కలిపితే 99,645.

ఎక్సెల్‌లో చివరిదైన 42వ వరుస చూశారా? ముగింపు బాకీ సున్నా కాకుండా మైనస్ 20 చూపిస్తుంది. కంగారు పడకండి. కచ్చితమైన వాయిదా 19,928.59 అయితే దాన్ని 19,929 చేశాం, నెల నెలా వడ్డీని కూడా రూపాయికి సవరించాం. ఆ చిల్లరంతా చివరికి వచ్చి చేరింది. 36వ వాయిదాకు ముందు బాకీ 19,712, దాని మీద వడ్డీ 197, కాబట్టి ఆఖరి వాయిదా 19,909 మాత్రమే. E42లో సూత్రం తీసేసి `=C42` పెట్టండి. ఈ తేడా వందల్లోకి వెళ్తే మాత్రం చిల్లర కాదు, రేటో నెలల సంఖ్యో తప్పు పడిందన్నమాట.

బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చండి, మొదటి నెలలోనే

లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీసి మొదటి వడ్డీ ఎంత వేశారో చూడండి. 6,000 ఉంటే నెలవారీ లెక్క, మన షెడ్యూల్ సరిపోయింది. 6,115 ఉంటే రోజుల లెక్క: అక్టోబర్ 5 నుంచి నవంబర్ 5కు 31 రోజులు, ఏడాది వడ్డీ 72,000ని 365తో భాగించి 31తో గుణిస్తే అదే వస్తుంది. అప్పుడు D7 ఇలా మార్చి కిందికి లాగాలి:

```
=ROUND(C7*$B$2*(B7-B6)/365,0)
```

అప్పు నెల మధ్యలో విడుదలై వాయిదా తేదీ వేరేగా ఉన్నప్పుడు, మధ్యలోని కొన్ని రోజులకు విడిగా వడ్డీ వసూలు చేస్తారు. అది పూర్తిగా వడ్డీయే, అసలుకు దానితో సంబంధం లేదు. షెడ్యూల్‌లోకి లాగకుండా నేరుగా వడ్డీ ఖర్చులో రాసేయండి.

అప్పు వచ్చిన రోజు పద్దు

చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. ట్రక్కు ధర 7,50,000. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080, మొత్తం 7,080 మినహాయించుకుని డీలర్‌కు 5,92,920 పంపింది. మిగతా 1,57,080 యజమాని తన కరెంట్ ఖాతాలోంచి కట్టారు. కుర్రాడికి కనిపించింది 5,92,920, అంతే అప్పుగా రాశాడు. కానీ బ్యాంకు వడ్డీ వేసేది 6,00,000 మీద, మనం తీర్చాల్సిందీ అంతే.

```
Dr  Vehicle               7,50,000
Dr  Processing Charges       7,080
    Cr  Vehicle Loan              6,00,000
    Cr  Bank                      1,57,080
```

ట్యాలీలో Vehicle Loan లెడ్జర్‌ను Secured Loans కింద, Vehicle లెడ్జర్‌ను Fixed Assets కింద, వడ్డీ లెడ్జర్‌ను Indirect Expenses కింద తెరవాలి. ఆ ఫీజు మీది జీఎస్టీని ఇన్‌పుట్‌గా తీసుకునే అర్హత మీకుంటే 1,080ని విడగొట్టండి, లేకపోతే పైన చూపినట్టు ఖర్చులోనే కలిపేయండి.

నెల నెలా పద్దు: ఒకటా, రెండా?

మామూలుగా అందరూ చెప్పేది ఒకే పేమెంట్ ఓచర్. వడ్డీ 6,000 డెబిట్, అప్పు 13,929 డెబిట్, బ్యాంకు 19,929 క్రెడిట్. తప్పేమీ లేదు. నేను మాత్రం రెండు పద్దులుగా రాస్తాను.

```
Journal (F7)
Dr  Interest on Vehicle Loan   6,000
    Cr  Vehicle Loan                6,000

Payment (F5)
Dr  Vehicle Loan              19,929
    Cr  Bank                       19,929
```

ఫలితం ఒకటే, అప్పు నికరంగా 13,929 తగ్గుతుంది. మరి రెండెందుకు? బ్యాంకు తన పుస్తకంలో రాసేది ఇలాగే. ముందు వడ్డీని మన బాకీకి కలుపుతుంది, తర్వాత మనం కట్టిన మొత్తం జమ చేస్తుంది. మన లెడ్జర్, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కపక్కన పెడితే వరుసకు వరుస టిక్ పెట్టుకుంటూ పోవచ్చు.

రెండు పద్దుల లాభం వాయిదా బౌన్స్ అయిన నెలలో తెలుస్తుంది. ఫిబ్రవరి 5న ఖాతాలో డబ్బు లేక వాయిదా పోలేదనుకుందాం. ఒకే ఓచర్ పద్ధతిలో రాసేవాళ్లకు ఆ రోజు పేమెంటే లేదు, కాబట్టి ఏ పద్దూ రాయరు. కానీ బ్యాంకు 5,578 వడ్డీ వేసింది, బాకీ 5,63,372 అయింది. ఆ వడ్డీ మన పుస్తకాల్లోకి ఎక్కనే ఎక్కదు. రెండు పద్దుల వాళ్లు జర్నల్ రాస్తారు, పేమెంట్ రాయరు, లెక్క దానంతట అదే సరిపోతుంది. బౌన్స్ చార్జీ, ఆలస్యపు పీనల్ చార్జీ వేస్తే వాటిని వడ్డీలో కలపకుండా వేరే లెడ్జర్‌లో పెట్టండి. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం పీనల్ చార్జీని అసలుకు కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. విడిగా రాసుకుంటేనే అది పాటిస్తున్నారో లేదో మనకు కనిపిస్తుంది.

టీడీఎస్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. బ్యాంకుకు కట్టే వడ్డీ మీద టీడీఎస్ అక్కర్లేదు. అప్పు బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, అంటే ఎన్‌బీఎఫ్‌సీ దగ్గర తీసుకుని, వ్యాపారం మీ సొంత పేరు మీద ఉండి ముందు ఏడాది టర్నోవర్ కోటి దాటి ఉంటే, ఏడాది వడ్డీ పరిమితి మించినప్పుడు 10 శాతం టీడీఎస్ జమ చేయాలి. ఈఎంఐ మొత్తం మీద కాదు, వడ్డీ భాగం మీదే. వాళ్లు ఆటో డెబిట్‌లో పూర్తి వాయిదా లాగేసుకుంటారు కాబట్టి టీడీఎస్ మన చేతి నుంచి కట్టి, సర్టిఫికెట్ పంపి ఆ డబ్బు వెనక్కి అడిగి తెచ్చుకోవాలి. తలనొప్పే, కానీ వదిలేస్తే ఆ వడ్డీలో 30 శాతం ఖర్చుగా ఒప్పుకోరు.

మార్చి 31న

ఈ ఆర్థిక సంవత్సరంలో ఆఖరి వాయిదా మార్చి 5న కట్టాం. ఆ రోజు నుంచి మార్చి 31 దాకా, రెండు రోజులూ కలిపి, 27 రోజుల వడ్డీ నడిచింది. అది ఏప్రిల్ 5 వాయిదాలో కడతాం కానీ ఈ ఏడాది ఖర్చే. ఏప్రిల్ వాయిదాలో వడ్డీ 5,289, అది 31 రోజులకు. 27 రోజుల వాటా 4,607.

```
31 మార్చి
Dr  Interest on Vehicle Loan         4,607
    Cr  Interest Accrued but not Due      4,607

5 ఏప్రిల్
Dr  Interest Accrued but not Due     4,607
Dr  Interest on Vehicle Loan           682
    Cr  Vehicle Loan                      5,289
```

ఏప్రిల్ 5న పేమెంట్ ఓచర్ మామూలుగానే 19,929కి రాస్తారు. ఈ ఏడాది వడ్డీ ఖర్చు 28,593 కాదు, 33,200. బ్యాంకు వడ్డీని రిటర్న్ గడువులోగా నిజంగా కట్టి ఉంటేనే పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకుంటారు, మనది ఏప్రిల్ 5నే కట్టేస్తున్నాం కాబట్టి ఆ చిక్కు లేదు.

బ్యాలెన్స్ షీట్‌లో అప్పు 5,28,948 అని ఒక్క వరుసలో చూపిస్తే కొట్టు యజమానికి చాలు. కంపెనీ అయినా, ఓవర్‌డ్రాఫ్ట్ పెంచమని బ్యాంకుకు వెళ్లినా వచ్చే 12 నెలల్లో తీరే అసలు ఎంతో విడిగా అడుగుతారు. షెడ్యూల్‌లో 6 నుంచి 17వ వాయిదా దాకా అసలు కాలమ్ కూడితే 1,85,667. మిగతా 3,43,281 ఆ తర్వాతది.

తేడా వస్తే, ఆ తేడా అంకెనే అడగండి

ఏడాది చివర బ్యాంకు నుంచి బాకీ సర్టిఫికెట్ తెచ్చుకుని లెడ్జర్ పక్కన పెట్టాలి. సరిపోకపోతే పాత ఓచర్లన్నీ తిరగేసే ముందు, తేడా ఎంతో తీసి షెడ్యూల్‌లో ఆ అంకె ఎక్కడుందో వెతకండి. నా అనుభవంలో ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

లెడ్జర్ బ్యాంకు కంటే సరిగ్గా 71,052 ఎక్కువ చూపిస్తే వాయిదాలన్నీ ఖర్చులో వేశారన్నమాట, కట్టిన అసలు అప్పులోంచి తగ్గనే లేదు. లాభం అంత తక్కువ కనిపిస్తుంది, పన్ను తక్కువ కట్టి తర్వాత నోటీసు వచ్చే ప్రమాదం ఉంది. దీనికి తిరగబడ్డ తప్పు, వాయిదా మొత్తాన్ని అప్పులోంచి తగ్గించేయడం. అప్పుడు లెడ్జర్ 5,00,355 చూపిస్తుంది, తేడా సరిగ్గా వడ్డీ మొత్తం 28,593. ఇది చూసి కొందరు సంతోషిస్తారు, అప్పు తొందరగా తీరుతోందని. నిజానికి న్యాయంగా రావాల్సిన ఖర్చును వదులుకుని ఎక్కువ పన్ను కట్టుకుంటున్నారు. రెండింటికీ మందు ఒక్క జర్నల్ ఎంట్రీయే, మొదటిదానికి అప్పు డెబిట్, ఖర్చు క్రెడిట్ 71,052. రెండోదానికి వడ్డీ డెబిట్, అప్పు క్రెడిట్ 28,593.

7,080 తేడా ఉంటే ప్రాసెసింగ్ ఫీజు. ఒక్క వాయిదా 19,929 తేడా ఉంటే బౌన్స్ అయిన నెలను కట్టినట్టు రాసి ఉంటారు. బ్యాంకు సర్టిఫికెట్ 5,33,555 చూపించి మీది 5,28,948 ఉంటే మాత్రం తప్పేమీ లేదు. ఆ బ్యాంకు నెలాఖరున వడ్డీ వేస్తుంది, మీరు 4,607ని వేరే లెడ్జర్‌లో పెట్టారు, రెండూ కలిపితే అదే అంకె. ఈ పద్దతి తెలియక ఒకసారి నేనే అర పూట వృథా చేసుకున్నాను.

సిమెంటు కొట్టు లెక్కల్లో తేడా 63,972 వచ్చింది. షెడ్యూల్‌లో ఎంత వెతికినా ఆ అంకె లేదు. చివరికి తట్టింది, అది 71,052లోంచి 7,080 తీసేసినది. అప్పును 5,92,920గా రాశాడు, వాయిదాలన్నీ ఖర్చులో వేశాడు. రెండు తప్పులు ఎదురెదురు దిశల్లో ఉండి కొంత మేర ఒకదాన్నొకటి కప్పేశాయి. ఒక్క అంకె దొరక్కపోతే రెండు అంకెల తేడానో, మొత్తమో వేసి చూడండి.

ముందే కొంత కట్టేసినప్పుడు

12వ వాయిదా తర్వాత బాకీ 4,23,345 ఉన్నప్పుడు యజమాని లక్ష రూపాయలు అదనంగా కట్టారనుకుందాం. ఆ లక్ష పూర్తిగా అసలే, చార్జీ ఏమైనా ఉంటే అది విడిగా ఖర్చు. షెడ్యూల్‌లో ఆ తేదీకి ఒక కొత్త వరుస చొప్పించి, వడ్డీ సున్నా, అసలు 1,00,000, ముగింపు బాకీ 3,23,345 అని రాయండి. తర్వాతి వరుసలో ప్రారంభ బాకీ ఈ కొత్త ముగింపునే చూపిస్తోందో లేదో, తేదీ మళ్లీ 5వ తారీఖుకు వచ్చిందో లేదో చూసుకోండి. తర్వాతి వడ్డీ 4,233 కాదు, 3,233కి దిగుతుంది. వాయిదా అదే ఉంచి నెలలు తగ్గించారా, నెలలు అవే ఉంచి వాయిదా తగ్గించారా అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రోజుల లెక్క వేసే బ్యాంకు అయితే లక్ష కట్టిన రోజు దాకా పాత బాకీ మీద, ఆ తర్వాత కొత్త బాకీ మీద వడ్డీ విడివిడిగా వస్తుంది.

ఆఖరి వాయిదా నాడు లెడ్జర్ సున్నా అయిందో లేదో చూడండి. బ్యాంకు అలవాటుగా 19,929 లాగేసి ఉంటే ఆ 20 రూపాయలు లోన్ ఖాతాలో మన పేరు మీద మిగిలి ఉంటాయి. వాటిని వెనక్కి వేయించుకుని, ఖాతా మూసిన లెటర్, ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద హైపోథికేషన్ తీయించాలి. ఎక్సెల్ షీటు ప్రింటు తీసి అదే ఫైల్లో పెట్టేయండి.